పరిచయం చేయబోయి మొదటి వాక్యంలోనే ఆగిపోతున్నారా? ముందు క్రియ ఎక్కడుందో చూడండి

సభలో ముఖ్య అతిథిని పరిచయం చేసే పని మీకు అప్పగించారు. రాత్రి కాగితం మీద రాసుకున్నారు, పదిసార్లు చదువుకున్నారు, బాగానే వచ్చింది. తీరా మైకు ముందు నిలబడి నాలుగు మాటలు అన్నారో లేదో గొంతు తడారిపోయింది, తర్వాతి ముక్క గుర్తుకు రాలేదు. కాగితం తీసి చూసుకున్నాక, లేదా ఎలాగో ఒక వాక్యం దాటాక, మిగతాదంతా సాఫీగా సాగిపోయింది.

ఈ చివరి సంగతి గమనించండి. ఒక్క వాక్యం దాటగానే కుదుటపడ్డారంటే లోపం మీ ధైర్యంలో లేదు, జ్ఞాపకశక్తిలోనూ లేదు. ఆ వాక్యంలో ఉంది. గుండె దడ ఎక్కువగా ఉండేది లేచి మాట మొదలుపెట్టే క్షణంలోనే. మాట్లాడుతూ ఉంటే అది దానంతటదే తగ్గుతుంది. అంటే అన్నిటికన్నా తేలికైన వాక్యం ఉండాల్సిన చోట మనం అన్నిటికన్నా బరువైనదాన్ని పెడుతున్నాం.

ముందు ఈ ఒక్కటి చూసుకోండి

కాలేజీలో సాహిత్య సంఘం పనులు చూస్తూ చాలా ఏళ్లుగా పిల్లల చేత ఈ పరిచయాలు చెప్పిస్తున్నాను. తడబడి దిగివచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడుగుతాను: "పైకి చదివావా?" "చదివాను సార్." "గొంతెత్తి, నిలబడి, కాగితం మూసి?" అప్పుడు మౌనం. మనసులో చదువుకున్నారన్నమాట.

మనసులో చదివే వాక్యానికి ఊపిరి అక్కర్లేదు. నోటితో అనే వాక్యానికి కావాలి, దడగా ఉన్నప్పుడు ఆ ఊపిరి ఇంకా పొట్టిగా ఉంటుంది. అందుకని ఇంట్లో ఇలా పరీక్షించండి. రెండంతస్తుల మెట్లు గబగబా ఎక్కండి. పైకి చేరగానే ఆయాసం తీర్చుకోకుండా, కాగితం లేకుండా మొదటి వాక్యం గట్టిగా అనండి. మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వచ్చిందా? ఆ ఆగిన చోటే వేదిక మీద మాట పోతుంది. ఇది రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసి జనం పరిచయం మొత్తాన్ని రాత్రంతా తిరగరాస్తూ కూర్చుంటారు.

అసలు కారణం: క్రియ చాలా దూరంలో ఉండటం

దీన్ని పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. పిల్లలకు అలాంటి వాక్యాలు రాసిచ్చింది నేనే కాబట్టి.

ఒక ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవానికి, రిటైరైన ఒక తెలుగు టీచర్ గారిని పిలిచాం. పరిచయం చేసే పని ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయిది. నేను రాసిచ్చిన మొదటి వాక్యం ఇది:

"36 ఏళ్ల పాటు ఈ జిల్లాలోని అనేక పాఠశాలల్లో తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి, వేలాదిమంది విద్యార్థులను తీర్చిదిద్ది, ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారాన్ని అందుకుని, పదవీ విరమణ అనంతరం కూడా తమ ఇంటి వసారాలో పిల్లలకు ఉచితంగా పద్యాలు నేర్పుతున్న, మనందరికీ ఆదర్శప్రాయురాలైన నేటి ముఖ్య అతిథి గారిని మీకు పరిచయం చేయడం నా అదృష్టంగా భావిస్తున్నాను."

అమ్మాయి "అందుకుని" దగ్గర ఆగింది. మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది. ముందు వరసలో కూర్చున్న టీచర్ గారే "పర్లేదమ్మా, నెమ్మదిగా చెప్పు" అన్నారు. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. దిగివచ్చాక నేనేమన్నాను? "ఇంకాస్త బాగా బట్టీ పట్టాల్సింది నాన్నా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. తప్పు ఆ పిల్లది కాదు, నా వాక్యానిది.

ఆ వాక్యంలో 40 మాటలున్నాయి. దాన్ని ముగించే క్రియ "భావిస్తున్నాను" 40వ మాట. తెలుగులో క్రియ వాక్యం చివర్న వస్తుంది, అది వచ్చేదాకా వాక్యం తెరిచిన తలుపులాగే ఉంటుంది. "పనిచేసి" ఒక తలుపు, "తీర్చిదిద్ది" ఇంకోటి, "అందుకుని" మరోటి. బళ్లో అసమాపక క్రియలు అని చదువుకున్నాం కదా, అవే ఇవి. చెప్పేవాళ్లు ఈ తలుపులన్నీ మనసులో పట్టుకుని 40వ మాటదాకా నడవాలి. కాగితం మీద కామా ఉంటే కంటికి విశ్రాంతి. నోటికి కామా దగ్గర విశ్రాంతి లేదు, ఎందుకంటే అక్కడ ఆగితే వినేవాళ్లకు ఏమీ అర్థం కాదు. ఆ సంగతి చెప్పేవాళ్లకూ తెలుసు, అందుకే ఆగడానికి భయపడి పరుగెడతారు, ఊపిరి అయిపోతుంది.

రెండో చిక్కు ఇంకా లోతుగా దాగుంటుంది. "తీర్చిదిద్ది" తర్వాత "అందుకుని" ఎందుకు రావాలి? ముందే రావచ్చు, అసలు రాకపోయినా పోయేదేం లేదు. ఒక ముక్క తర్వాతి ముక్కను పిలవడం లేదు. అలాంటి వరసను బట్టీ మాత్రమే పట్టగలం, దడ వచ్చినప్పుడు ముందుగా చెదిరేది ఆ బట్టీయే. ఎక్కువసార్లు చదివితే సరిపోతుందని అందుకే అనుకోకండి. ఇంట్లో ఇంకా బాగా వస్తుంది, వేదిక మీద అక్కడే పోతుంది.

ఆ రోజు ఎవరి పుట్టినరోజో కూడా మరిచాను. 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, జనం మాట్లాడే తెలుగే చదువుల్లోకి రావాలని పోరాడారు. ఆయన పేరు మీద జరిగే సభలో పిల్ల నోటికి నేనిచ్చింది ఎవరూ మాట్లాడని తెలుగు.

పరిష్కారం: కంటికి కనిపించే వస్తువుతో మొదలుపెట్టి, ఏడు మాటల్లోపు క్రియ

ఆ వాక్యం మధ్యలో ఒక మంచి సంగతి కూరుకుపోయి ఉంది: ఇంటి వసారా. తర్వాత ఒకరోజు ఆ అమ్మాయిని వెంటపెట్టుకుని టీచర్ గారింటికి వెళ్లాను. వసారాలో గోడకు ఆనించి పాత నల్లబల్ల ఉంది. మూల తుడవకుండా వదిలేసిన పద్యపాదం ఒకటి ఉంది. అమ్మాయి చూసినది చూసినట్టే చెప్పమన్నాను. ఇలా వచ్చింది:

"అందరికీ నమస్కారం. టీచర్ గారి ఇంటి వసారాలో ఒక నల్లబల్ల ఉంది. సాయంత్రం ఆరింటికి దాని ముందు పిల్లలు కూర్చుంటారు. వాళ్లకు ఆవిడ పద్యాలు నేర్పుతారు. ఫీజు తీసుకోరు."

రెండో వాక్యంలో ఏడో మాటకే క్రియ వచ్చేసింది. అక్కడ ఆగవచ్చు, ఊపిరి తీసుకోవచ్చు. వినేవాళ్లకు ఒక బొమ్మ కనబడింది కాబట్టి ఆ మౌనం ఎబ్బెట్టుగా ఉండదు. పైగా ప్రతి వాక్యం తర్వాతి వాక్యాన్ని పిలుస్తుంది. నల్లబల్ల ఉందంటే ఎవరి కోసం? పిల్లల కోసం. పిల్లలు వచ్చి ఏం చేస్తారు? పద్యాలు నేర్చుకుంటారు. డబ్బులిస్తారా? ఇవ్వరు. గుర్తుంచుకోవాల్సింది నల్లబల్ల ఒక్కటే. "ఆరింటికి" మరిచిపోతే "సాయంత్రం కాగానే" అంటారు, మాట మారినా బొమ్మ మారదు.

ఆ తర్వాత "36 ఏళ్లు బళ్లో చెప్పారు. ఇప్పుడు ఇంట్లో చెబుతున్నారు" అని ఉద్యోగం సంగతి రెండు ముక్కల్లో పెట్టాం. పురస్కారం ఇంకా కిందకు, అతిథి పేరు చివరికి వెళ్లాయి. తర్వాతి సభలో అదే అమ్మాయి అదే టీచర్ గారిని పరిచయం చేసింది. "నల్లబల్ల" అనగానే ముందు వరసలో ఇద్దరు పిల్లలు టీచర్ గారి వైపు తిరిగి నవ్వారు. అది చూసి అమ్మాయి గొంతు కుదుటపడింది. మాట మొదలుపెట్టిన ఆ పది సెకన్లలో కావాల్సింది అలాంటి ఒక తెలిసిన ముఖమే.

మీరు చేసుకునేటప్పుడు అతిథి గురించి మీరు స్వయంగా చూసిన వస్తువునో పనినో ఒకటి పట్టుకోండి. చూడకపోతే ఫోన్ చేసి అడగండి, "రోజూ మీ చేతిలో ఎక్కువసేపు ఉండే వస్తువేమిటండీ?" అని. దాన్ని "ఉంది", "చేస్తారు", "వస్తారు" లాంటి క్రియతో ముగించండి. మీ ఇంట్లో వసారాను అరుగు అంటే అరుగనే అనండి. మొదటి వాక్యంలో "ప్రప్రథమంగా", "ఆదర్శప్రాయులు" లాంటి వత్తుల మాటలు తీసేయండి, తడారిన నాలుకకు అవి తిరగవు. తర్వాత మళ్లీ మెట్ల పరీక్ష.

"మరి వేదిక మీది పెద్దల పేర్లో?"

చాలా సభల్లో అది తప్పదు, మర్యాద కూడా. కానీ పేర్లు జ్ఞాపకం మీద నడపాల్సినవి కావు. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, దాచకుండా చూసి చదవండి. పేరు తప్పు చెబితే నొచ్చుకుంటారు కానీ చూసి చదివితే ఎవరూ ఏమీ అనుకోరు. చదవడంలో గుర్తుంచుకునే బరువు లేదు కాబట్టి ఆలోగా గొంతూ సర్దుకుంటుంది. చదివాక చీటీ మడిచి, తలెత్తి, నల్లబల్ల వాక్యం అనండి.

మాట గుర్తుంది, గొంతు మాత్రం వణుకుతోంది

ఇది వాక్యం తప్పు కాదు, ఊపిరిది. మైకు ముందు నిలబడి గుండెల నిండా గాలి పీల్చి బిగబట్టి మొదలుపెడితే గొంతు పైస్థాయిలో బిగుసుకుంటుంది. ముందు గాలి వదిలేయండి, తర్వాత వచ్చే మామూలు ఊపిరితో "అందరికీ నమస్కారం" అనండి. ఫంక్షన్ హాళ్లలో మన గొంతే స్పీకర్ల నుంచి కాస్త ఆలస్యంగా తిరిగొచ్చి ఉలిక్కిపడేలా చేస్తుంది. నమస్కారం ఆ దెబ్బను తీసుకుంటుంది. ఆ మోత అణిగాకే రెండో వాక్యం.

అరుదుగా ఎదురయ్యేవి

పద్యంతో మొదలుపెట్టవచ్చా? చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నదైతే నిక్షేపంగా, యతిప్రాసలే దాన్ని నడిపిస్తాయి. ఈ సభ కోసం కొత్తగా నేర్చుకున్నదైతే వద్దు. వాక్యం ఫోన్‌లో పెట్టుకోకండి, సరిగ్గా అప్పుడే తెర ఆరిపోతుంది. సభకు వారం ముందు నుంచే నిద్రపట్టకపోవడం, మాట్లాడినంతసేపూ వణుకు తగ్గకపోవడం ఉంటే మాత్రం వాక్యం మార్చి లాభం లేదు, డాక్టర్‌తో మాట్లాడండి.

ఇవన్నీ చేసినా మాట ఆగిపోతే వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టకండి. చివరి వాక్యం ముందే సిద్ధంగా పెట్టుకోండి: "ఆ టీచర్ గారే ఈవిడ." చేయి అతిథి వైపు చాపి ఆ ముక్క అనండి, పేరు చెప్పండి, చప్పట్లు మొదలవుతాయి, మీరు వచ్చి కూర్చోవచ్చు.