ప్రయాణికులకు మలేరియా నివారణ – మూడవ పాఠం: మాత్ర వేళలు, వాంతి అయినప్పటి లెక్క

గత పాఠంలో వైద్యుని సలహాతో మందును ఎంచుకున్నాము. ఈ పాఠంలో అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిసిన మాత్రను క్యాలెండర్ మీద గుర్తించడం నేర్చుకుందాము.

ఒక పెద్దవారు 10వ తేదీన మలేరియా ప్రాంతానికి చేరి, 20న అక్కడి నుండి బయలుదేరుతారనుకుందాము. మలేరియా ప్రాంతానికి చేరడానికి ఒకటి రెండు రోజుల ముందే ఈ మందును మొదలుపెట్టాలి కనుక, 8న మొదటి మాత్ర వేసుకోవాలి. అక్కడున్నన్ని రోజులూ రోజుకొకటి చొప్పున, ఒకే వేళకు, భోజనంతో గాని పాలతో గాని వేసుకోవాలి. కొవ్వు ఉన్న ఆహారం లేకపోతే అటోవాక్వోన్ ఒంటికి సరిగా పట్టదు. తిరిగి బయలుదేరిన తరువాత మరో 7 రోజులు, అంటే 27 వరకు కొనసాగించాలి. మొత్తం 20 మాత్రలు. వాంతుల కోసం రెండు మూడు అదనంగా ఉంచుకోవడం మంచిది.

ఇంటికి చేరాక ఇంకా ఎందుకన్న సందేహం రావడం సహజం, చాలామంది మానేసేది కూడా ఇక్కడే. 20న బయలుదేరే ముందు దోమ కుట్టిందనుకోండి. పరాన్నజీవి త్వరగానే కాలేయంలోకి చేరి, ఏ లక్షణమూ చూపకుండా సుమారు వారం రోజులు పెరుగుతుంది. ఈ మాత్ర దానిని కాలేయంలోనే చంపగలదు కనుక 7 రోజులు చాలు. డాక్సీసైక్లిన్ అయితే పరాన్నజీవి రక్తంలోకి వచ్చాకే దాని మీద పనిచేస్తుంది కాబట్టి, ఆలస్యంగా బయటికి వచ్చేవాటిని కూడా అందుకోవడానికి తిరిగి వచ్చాక 4 వారాలు వాడాలి. వారానికొకసారి వేసుకునే మెఫ్లోక్విన్‌కు కూడా అదే గడువు. అయితే దానిని ప్రయాణానికి కనీసం 2 వారాల ముందే ప్రారంభించాలి.

ఇక వాంతి. 14వ తేదీ రాత్రి 8 గంటలకు మాత్ర మింగారు, 8:40కి వాంతి అయింది. గంట దాటలేదు కనుక, కడుపు కుదుటపడగానే కొద్దిగా ఆహారంతో మరో మాత్ర వేసుకోవాలి. 15న మామూలుగా 8 గంటలకు ఒక్కటే, జత చేయరాదు. అదే వాంతి 10 గంటలకు అయి ఉంటే, రెండవ మాత్ర అవసరం లేదు. రెండవ మాత్ర కూడా వాంతిలో పోయినా, వాంతులు, విరేచనాలు ఆగకపోయినా మందు ఒంటికి అందడం లేదని భావించి వైద్యుని సంప్రదించాలి. అప్పటివరకు దోమతెర, దోమల నివారణ లేపనం విషయంలో మరింత కచ్చితంగా ఉండాలి. ఈ గంట లెక్క ఈ మాత్రకు చెప్పినది. మెఫ్లోక్విన్ అయితే అరగంటలోపు వాంతికి పూర్తి మోతాదు, అరగంట నుండి గంటలోపు అయితే సగం మోతాదు తిరిగి వేసుకుంటారు.

అభ్యాసం: 3న వెళ్లి 9న తిరిగే ప్రయాణానికి మాత్రలు లెక్కించండి. 1న మొదలుపెట్టి 16న ముగిస్తే, 16 మాత్రలు రావాలి.

మాత్రలన్నీ క్రమంగా వేసుకున్నా, తిరిగి వచ్చిన ఏడాదిలోపు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో జ్వరం వస్తే, ప్రయాణం సంగతి చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి.