ఫిషర్ సమీకరణం వచ్చినా బిట్లు తప్పుతున్నాయా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

నామమాత్రపు వడ్డీ రేటు అంటే అప్పు పత్రం మీద రాసుకునే రేటు. డబ్బు ఎంత శాతం పెరిగిందో అది చెబుతుంది. ఆ డబ్బుతో కొనగలిగే వస్తువులు ఎంత శాతం పెరిగాయో చెప్పేది నిజ వడ్డీ రేటు. ఈ రెండింటినీ ద్రవ్యోల్బణంతో కలిపే సమీకరణం అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరు మీద ఉంది. నామమాత్రపు రేటును i, నిజ రేటును r, ద్రవ్యోల్బణాన్ని π అనుకుంటే:

```
అసలు రూపం:   1 + i = (1 + r)(1 + π)
సుమారు రూపం: i ≈ r + π
```

ఇంతవరకు అందరికీ వచ్చు. అయినా మార్కులు పోతున్నాయంటే కారణం సాధారణంగా కింది వాటిలో ఒకటి.

సమస్య: తీసివేత సరిగ్గానే చేశాం, కానీ కీలో వేరే జవాబు ఉంది

ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. కాబట్టి ఒక బిట్టును పూర్తిగా చూద్దాం.

"ఏడాది కాలానికి 10 శాతం స్థిర వడ్డీకి అప్పు ఇచ్చారు. ఆ రోజున ఇద్దరూ అంచనా వేసిన ద్రవ్యోల్బణం 6 శాతం. ఏడాది చివర నమోదైన ద్రవ్యోల్బణం 9 శాతం. రుణదాతకు దక్కిన నిజ వడ్డీ రేటు సుమారుగా ఎంత? (ఎ) 4 శాతం (బి) 1 శాతం (సి) 13 శాతం (డి) 19 శాతం"

తప్పు రాసినవాళ్లలో చాలామంది (ఎ) పెడతారు. 10లోంచి 6 తీస్తే 4 వస్తుంది, లెక్క తప్పు కాదు. కానీ ఆ 4 శాతం అప్పు ఇచ్చేనాడు రుణదాత ఆశించిన రేటు. ప్రశ్న అడిగింది చివరికి దక్కిన రేటు. అప్పటికి ధరలు 9 శాతం పెరిగాయి, వడ్డీ మాత్రం 10 దగ్గరే ఉంది. అంటే దక్కింది 1 శాతమే, జవాబు (బి). మిగతా 3 శాతం పాయింట్ల లాభం రుణగ్రహీతకు వెళ్లింది. "ఊహించని ద్రవ్యోల్బణం వల్ల ఎవరికి లాభం?" అనే బిట్టుకు జవాబు కూడా ఇదే లెక్కలో ఉంది.

కారణం: నిజ రేటు ఒక్కటే అనుకోవడం. అప్పు ఇచ్చేనాటి అంచనా ద్రవ్యోల్బణంతో లెక్కిస్తే ఆశించిన నిజ రేటు వస్తుంది. తర్వాత నమోదైన ద్రవ్యోల్బణంతో లెక్కిస్తే దక్కిన నిజ రేటు వస్తుంది. ప్రశ్నలో ద్రవ్యోల్బణానికి రెండు అంకెలు ఇచ్చారంటే పరీక్షిస్తున్నది ఈ తేడానే.

పరిష్కారం: అంకెలు ముట్టుకోకముందే ప్రశ్నలోని క్రియాపదం చూడండి. "ఆశించిన", "కోరుకున్న", "ఒప్పందం నాటికి" అంటే అంచనా అంకె తీసుకోండి. "దక్కిన", "లభించిన", "ఏడాది గడిచాక" అంటే నమోదైన అంకె తీసుకోండి.

ఇదే గందరగోళం సిద్ధాంతపు బిట్లలోనూ వస్తుంది. ఒకచోట "ద్రవ్యోల్బణం 3 శాతం పాయింట్లు పెరిగితే నిజ రేటు మారదు" అన్నది సరైన జవాబు. ఇంకోచోట "నిజ రేటు 3 శాతం పాయింట్లు తగ్గుతుంది" అన్నది సరైనది. రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి గానీ కావు. ఫిషర్ ప్రభావం మాట్లాడేది అందరూ ముందే ఊహించిన ద్రవ్యోల్బణం గురించి. పై ఉదాహరణలోనే, వచ్చే ఏడాది 9 శాతం ఉంటుందని అందరికీ తెలిస్తే, 4 శాతం నిజ రాబడి కోరే రుణదాత కొత్త అప్పుకు 13 శాతం అడుగుతాడు. నామమాత్రపు రేటు 3 పాయింట్లు పెరుగుతుంది, నిజ రేటు 4 దగ్గరే ఉంటుంది. పాత అప్పుకు ఆ అవకాశం లేదు, దాని వడ్డీ 10 శాతానికి ముందే ఖరారైపోయింది. కాబట్టి ఒప్పందం ముందు జరిగిందా, ద్రవ్యోల్బణం మార్పు ముందు తెలిసిందా అని అడిగి చూసుకోండి. ఏ జవాబు పెట్టాలో తేలిపోతుంది.

సమస్య: ఆప్షన్లలో 8 ఉంది, 7.14 కూడా ఉంది

నామమాత్రపు రేటు 20 శాతం, ద్రవ్యోల్బణం 12 శాతం. తీసివేస్తే 8 వస్తుంది. ఆప్షన్లు మాత్రం 8, 7.14, 6.67, 32 అని ఉన్నాయి.

తీసివేత ఒక దగ్గరి దారి మాత్రమే. అసలు ఏం జరుగుతుందో వస్తువులతో చూడండి. ఇవాళ ఒక వస్తువు ధర 100. మీరు 100 అప్పు ఇచ్చారంటే ఒక వస్తువును వదులుకున్నట్టు. ఏడాదికి మీ చేతికి 120 వస్తుంది, వస్తువు ధర 112 అవుతుంది. 120ని 112తో భాగిస్తే 1.0714, అంటే మీకు పెరిగింది 7.14 శాతం వస్తువులే. 8 శాతం ఎందుకు కాలేదంటే, వచ్చిన వడ్డీ విలువను కూడా ధరల పెరుగుదల కొంత తినేసింది. సమీకరణంలో r, π గుణించిన చిన్న పదం చేసే పని అదే.

6.67 అనేది కావాలని పెట్టిన ఉచ్చు. 8ని 1.12తో భాగించాల్సింది పోయి 1.20తో భాగిస్తే వస్తుంది. హారంలో ఎప్పుడూ ద్రవ్యోల్బణమే ఉండాలి.

ఏది పెట్టాలి? "సుమారుగా" అని ఉన్నా, ఆప్షన్లన్నీ పూర్ణాంకాలే అయినా తీసివేతే చాలు. "కచ్చితంగా" అని ఉంటే భాగించండి. ఏ సూచనా లేకుండా రెండు జవాబులూ పక్కపక్కనే ఉంటే నేనైతే భాగించిందే పెడతాను. దశాంశాలతో ఆ ఆప్షన్ ఊరికే తయారవదు. రేట్లు చిన్నవైతే ఈ టెన్షన్ ఉండదు: 5 శాతం వడ్డీ, 3 శాతం ద్రవ్యోల్బణానికి తీసివేత 2 ఇస్తుంది, భాగిస్తే 1.94.

సమస్య: అంకె సరే, గుర్తు తప్పు

వడ్డీ 4, ద్రవ్యోల్బణం 7 అయితే నిజ రేటు సుమారుగా మైనస్ 3. "వడ్డీ రేటు మైనస్‌లో ఉంటుందా?" అనే అనుమానంతో కొందరు 3 పెడతారు. ఉంటుంది, డబ్బు పెరిగినా కొనుగోలు శక్తి తగ్గింది.

దీనికి తిరగేసింది ధరలు పడిపోయే సందర్భం. ధరలు 3 శాతం తగ్గి, వడ్డీ 2 శాతం ఉంటే π మైనస్ 3. దాన్ని తీసివేస్తే కూడిక అవుతుంది, నిజ రేటు సుమారుగా 5. ఇక్కడ ప్రశ్న నెమ్మదిగా చదవండి. "ద్రవ్యోల్బణం 8 నుంచి 5 శాతానికి తగ్గింది" అంటే ధరలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి, π విలువ ప్లస్ 5. "ధరలు తగ్గాయి" అంటేనే మైనస్.

సమస్య: పన్ను కలిస్తే జవాబు రావడం లేదు

పన్ను పడేది నామమాత్రపు వడ్డీ మీద. అందుకే ముందు పన్ను తీసి, ఆ తర్వాతే ద్రవ్యోల్బణం తీయాలి. వడ్డీ 10, పన్ను 30 శాతం, ద్రవ్యోల్బణం 6 అయితే పన్ను పోగా మిగిలేది 7, నిజ రాబడి సుమారుగా 1 శాతం. వరుస మార్చి 4 మీద పన్ను లెక్కిస్తే 2.8 వస్తుంది, ఆప్షన్లలో అదీ ఉంటుంది.