అనువాదం సరిచూడటం – 4వ పాఠం: ముందు అంకెలు, చివర అచ్చు ప్రతి

పోయిన పాఠంలో ఇచ్చిన కరపత్రం అభ్యాసానికి వచ్చిన జవాబులన్నీ చదివాను. ఈసారి పేర్ల గురించి, ఊళ్ల స్పెల్లింగ్ గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆ జవాబులు చూశాక అది పక్కన పెట్టక తప్పలేదు. ఎందుకంటే చాలామంది ఒకే చోట జారారు, ఆ జారుడు చిన్నది కాదు.

కరపత్రం గుర్తుంది కదా. సిరొంచ తాలూకాలో వరి వేసే రైతులకు పంచడానికి మరాఠీ నుంచి తెలుగులోకి చేసినట్టుగా నేను రాసిచ్చిన అభ్యాసం అది. మూలంలో మొదటి వాక్యం ఇది: "ఏక్ హెక్టర్ లాగవడీసాఠీ దహా గుంఠే రోపవాటికా పురేశీ ఆహే." అనువాదంలో ఇలా ఉంది: "ఒక ఎకరం నాట్లకు పది గుంటల తుకం సరిపోతుంది."

ఎక్కువమంది "తుకం" కొట్టేసి "నారుమడి" అని రాశారు. "ఎకరం" మీద ఎవరి పెన్నూ ఆగలేదు. ప్రాణహిత ఒడ్డున రైతు తుకం పోస్తాడు, తుకం అంటేనే అతనికి తెలుస్తుంది. అనువాదకుడు సరైన మాట రాశాడు, దాన్ని మార్చాల్సిన పని లేదు. మార్చాల్సింది హెక్టారు. ఒక హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. హెక్టారుకు పది గుంటలు చాలంటే ఎకరానికి నాలుగు గుంటలు చాలు. ఈ కరపత్రం నమ్మిన రైతు రెండున్నర రెట్లు తుకం పోస్తాడు. అంత విత్తనం కొంటాడు, అంత మడి దున్నుతాడు, చివరికి సగానికి పైగా నారు మిగిలిపోతుంది.

అందుకే ఈ పాఠం మొత్తం ఒక్క విషయం మీదే. మొదట చూడాల్సింది, చదివేవాడు తనంతట తాను పట్టుకోలేని తప్పు. "విత్తనం"లో వత్తు పోతే రైతు చదువుకునేటప్పుడే సరిచేసుకుంటాడు. హెక్టారు ఎకరమైతే అతనికి అనుమానం రాదు, ఎందుకంటే ఆ వాక్యం తెలుగులో చక్కగా ఉంది. బాగున్న తెలుగును మన కన్ను కూడా నమ్మేస్తుంది. భాషను ముందు నునుపు చేస్తే మిగిలిన తప్పులు ఇంకా లోపలికి దాక్కుంటాయి.

నేను చేసే పద్ధతి చెబుతాను. అనువాదాన్ని తెరవను. మూలం ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో ప్రతి అంకె, ప్రతి కొలత, తేదీ, సమయం చుట్టూ సున్నా చుడతాను. తర్వాత "నాహీ", "ఫక్త్", "నంతర్", "పర్యంత్" లాంటి అర్థం తిప్పే మాటల కింద గీత గీస్తాను. అప్పుడు అనువాదం పక్కన పెట్టి, కింది వాక్యం నుంచి పైకి వస్తూ ఒక్కొక్క సున్నాకు జంట ఎక్కడుందో వెతుకుతాను. పై నుంచి చదివితే కథ మనల్ని లాక్కుపోతుంది, కింది నుంచి వస్తే ఒక్కో వాక్యం విడిగా కనిపిస్తుంది. జంట దొరికితే రెండు వైపులా టిక్కు. చివరికి మూలంలో టిక్కు లేని సున్నా మిగిలితే ఏదో జారిపోయింది. అనువాదంలో టిక్కు లేని అంకె మిగిలితే అది ఎక్కడినుంచో వచ్చి చేరింది. స్క్రీన్ మీద చేయొచ్చు గానీ కాగితం మీదైతే ఏదీ తప్పించుకోదు, నేను కాగితమే వాడతాను.

కరపత్రం మీద ఇది చేసి చూద్దాం. మూలంలో చివర సమావేశం సమయం ఉంది: "సకాళీ పావణే అకరా వాజతా." అనువాదంలో "ఉదయం పదకొండుంపావుకు." తప్పు. మూలం ప్రకారం పది నలభై ఐదు. దాని పైన "ప్రతి కిలో బియాణ్యాస్ అడీచ్ గ్రామ్ థాయరమ్" అని ఉంటే అనువాదంలో "రెండు గ్రాములు" అని ఉంది. అడీచ్ అంటే రెండున్నర. ఇంకా పైన విత్తనాలు ముంచి తేలినవి తీసేసే ఉప్పునీటి సంగతి, పది లీటర్లకు మూడు వందల గ్రాములు, అది సరిగ్గానే ఉంది. తర్వాత మనం చూసిన హెక్టారు.

ఈ మరాఠీ పావులూ అరలూ నన్ను ఎప్పటినుంచో బాధపెడుతున్నాయి, ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. గడ్చిరోలిలో, నాందేడ్ వైపు ధర్మాబాద్‌లో, మన ఇళ్లలో తెలుగు, ఆఫీసు కాగితంలో మరాఠీ. ఈ మాటలు మనకు రోజూ వినబడతాయి. తెలిసినవే అనుకుంటాం, అందుకే ఆగి చూడం.

"పావణే" కనబడగానే మనసులో "పావు తక్కువ" అని చదవండి. పావణే తీన్ అంటే పావు తక్కువ మూడు, అంటే రెండుముప్పావు. "తీన్" కంటికి కనబడుతుంది కాబట్టి చెయ్యి "మూడుంపావు" అని రాసేస్తుంది. మూడుంపావుకు మరాఠీలో "సవ్వా తీన్" అంటారు. "సాడే తీన్" మూడున్నర. ఒకటిన్నరకూ రెండున్నరకూ సాడే పనికిరాదు, వాటికి దీడ్, అడీచ్ అని విడి మాటలు ఉన్నాయి.

వందలూ వేలూ వచ్చాక ఇంకా కష్టం. పావణే దోన్‌శే అంటే 175. పావణే దోన్ హజార్ అంటే 1,750. వందల్లో ఇరవై ఐదు తగ్గిందని వేలల్లోనూ ఇరవై ఐదే తగ్గించి 1,975 అని రాసినవాళ్లు ఉన్నారు. తగ్గేది ఆ స్థానంలో పావు, అంటే వేలల్లో రెండు వందల యాభై. అదే లెక్కన పావణే దోన్ లాఖ్ అంటే 1,75,000. సవ్వాశే 125, దీడ్‌శే 150, అడీచ్ హజార్ 2,500.

అన్నిటికంటే ప్రమాదం "పాఊణ్". చూడగానే మన "పావు" గుర్తొస్తుంది. కానీ పాఊణ్ తాస్ అంటే ముప్పావుగంట, నలభై ఐదు నిమిషాలు. పావుకు మరాఠీలో "పావ్" ఉంది. పాఊణ్‌శే 75. మందు కలిపాక పాఊణ్ తాస్ ఆగమన్న చోట పావుగంట అని రాస్తే ఏమవుతుందో ఆలోచించండి.

"ఎకోణ్" కూడా ఇదే కోవ: ఒకటి తక్కువ. ఎకోణ్‌తీస్ 29, ఎకోణ్‌పన్నాస్ 49. తీస్ చూసి ముప్పై తొమ్మిది, పన్నాస్ చూసి యాభై తొమ్మిది రాయకండి. అంకెల్లో రాసి ఉన్నా నిశ్చింత లేదు. జిరాక్స్ మసకగా ఉంటే దేవనాగరి ఒకటి, తొమ్మిది ఒకదానికొకటి కలిసిపోతాయి. అనుమానం వస్తే ఊహించకుండా అసలు కాగితం అడగండి.

రాయగడ, పర్లాకిమిడి వైపు ఒడియా కాగితాలు చూసేవారికి ఒక్క మాట. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ ఎకరానికి నలభై గుంటలు. ఒడిశాలో ఎకరానికి ఇరవై ఐదే. ఒడియాలో పది గుంటలంటే నలభై డెసిమిళ్లు, మన లెక్కలో నలభై సెంట్లు. గుంట అనే మాట అలాగే ఉంచినా ఎన్ని సెంట్లో పక్కన రాయించండి.

ఇక జారిపోయిన వాక్యం. సున్నాల పద్ధతిలో దీని ఆనవాలు ఒక్కటే మిగిలింది, "దోన్ వేళా". మూలం చూడండి: "తరంగణారే బియాణే కాఢూన్ టాకా. తళాశీ బసలేలే బియాణే స్వచ్ఛ్ పాణ్యానే దోన్ వేళా ధువా. ధుతలేలే బియాణే సావలీత్ వాళవా." అనువాదంలో: "తేలిన విత్తనాలు తీసెయ్యాలి. అడుగున ఉన్న విత్తనాలను నీడలో ఆరబెట్టాలి." మంచినీళ్లతో రెండుసార్లు కడగడం పోయింది. "బసలేలే బియాణే" దగ్గర తల పైకెత్తి మళ్లీ మూలం చూసినప్పుడు అనువాదకుడి కన్ను "ధుతలేలే బియాణే" మీద పడింది. ఒకే మాట దగ్గర దగ్గరగా రెండుసార్లు వస్తే మధ్యలోది ఇలాగే ఎగిరిపోతుంది. ఉప్పు కడగకపోతే మొలక దెబ్బతింటుంది. కాబట్టి మూలంలో ఒక మాట తిరిగి వచ్చిన చోటల్లా మధ్యలో ఏముందో ప్రత్యేకంగా చూడాలి.

ఇవన్నీ మీరే మార్చేయకండి. పక్కన ప్రశ్నగా రాయండి: "మూలంలో హెక్టారు. ఎకరం కావాలనే పెట్టారా? అలాగైతే గుంటలు నాలుగు అవ్వాలి కదా." అనువాదకుడు ఎవరో అడిగితే ఎకరాల్లోకి మార్చబోయి సగంలో మర్చిపోయి ఉండవచ్చు. అప్పుడు దిద్దుబాటు హెక్టారు కాదు, నాలుగు గుంటలు.

అంకెలు, జారిపోయినవి అయ్యాకే తెలుగు చదవండి. అర్థం కాని వాక్యం, రెండు అర్థాలొచ్చే వాక్యం సరిచేయండి. "చేయవలెను" మీకు నచ్చకపోయినా కరపత్రమంతా అలాగే ఉంటే వదిలేయండి.

చివర చూడాల్సింది దిద్దుబాట్లు ఎక్కించిన కొత్త ప్రింటు. పాత ప్రతి పక్కన పెట్టుకుని మీ గుర్తులు ఒక్కొక్కటీ ఎక్కాయో లేదో చూడండి, ఆ వాక్యానికి పైనా కిందా కూడా చదవండి. ఒక చోట సరిచేసిన అంకె ఇంకో చోట పాతదే ఉండిపోతుంది. మన కరపత్రంలోనే సమావేశం సమయం పైన డబ్బాలో కూడా ఉంది, అక్కడా "పదకొండుంపావు" అనే ఉంది. శీర్షికలు అందరూ వదిలేస్తారు, వాటిని వేలు పెట్టి చదవండి. డీటీపీ షాపులో యూనికోడ్ నుంచి అను ఫాంట్‌లోకి మార్చి ఉంటే ఒత్తులు చూడండి. మధ్యలో ఇంగ్లీష్ అక్షరాలుంటే అవి అర్థంలేని తెలుగు అక్షరాలుగా మారి ఉంటాయి, వెబ్‌సైట్ చిరునామా దగ్గర ఇది తరచూ జరుగుతుంది. ఆ తర్వాత మూలం మూసేసి తెలుగు ఒక్కటే పైకి చదవండి. అప్పుడు ఏ వాక్యాన్ని ముట్టుకున్నా, ఆ వాక్యానికి మూలం మళ్లీ తెరవాల్సిందే.

అభ్యాసం. మూలం: "పావణే దోన్ హెక్టర్ పర్యంత్ జమీన్ అసలేల్యా శేతకర్యాంనీ ఎకోణ్‌తీస్ తారఖేపర్యంత్ అర్జ్ కరావా. అర్జాసోబత్ సాతబారా ఉతారా ఆణి బ్యాంక్ పాసబుకాచీ ప్రత్ జోడావీ. సాడేపాచ్ నంతర్ అర్జ్ స్వీకారలా జాణార్ నాహీ."

అనువాదం: "రెండుంపావు హెక్టార్ల వరకు భూమి ఉన్న రైతులు 30వ తేదీలోగా దరఖాస్తు చేయాలి. దరఖాస్తుతో పాటు బ్యాంక్ పాస్‌బుక్ ప్రతి జతచేయాలి. ఐదున్నర వరకు దరఖాస్తులు తీసుకోరు."

తప్పులు నాలుగు. దిద్ది పంపొద్దు, అనువాదకుడికి వేసే ప్రశ్నలుగా రాసి పంపండి. ప్రతి ప్రశ్నలో మూలంలోని మాట, ఆ తప్పు వల్ల రైతుకు జరిగే నష్టం రెండూ ఉండాలి. దీనితో పాటు మీ ఊరి పంచాయతీ బోర్డు మీద ఉన్న మరాఠీ లేదా ఒడియా నోటీసు ఒకటి తీసుకుని, ఇంకొకరితో తెలుగు చేయించి, సున్నాలు చుట్టిన మూలం ఫోటో పంపండి. మీరే అనువదించింది పంపితే చూడను. పేర్ల పాఠం ఆ నోటీసుల మీదే చేద్దాం.