గజ్జల్లో నొప్పి: పట్టేసింది కండరమా, తుంటి కీలా?

పాదం లోపలి వైపుతో పాస్ కొట్టినప్పుడల్లా గజ్జల్లో పొడుస్తోందని వచ్చిన ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్‌ను ముందు వెల్లకిలా పడుకోబెట్టాం. మోకాళ్లు మడిచి, మధ్యలో పిడికిలి పెట్టి నొక్కమంటే, తొడ లోపలి కండరం ఎముకకు అతుక్కునే చోటే నొప్పి వచ్చింది. అక్కడ వేలితో నొక్కినా అదే నొప్పి. అంటే కండరం.

మోకాలిని ఛాతీ వైపు మడిచి లోపలికి తిప్పినప్పుడు గజ్జ లోతున నొప్పి, ఆ తిప్పు రెండో కాలికంటే తగ్గడం, కీలు పట్టేయడం ఉంటే తుంటిని అనుమానించాలి. అయితే ఈ ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు. కాలు మోపలేకపోయినా, రాత్రుళ్లు నొప్పి వేధించినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించాలి. తుంటి ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు.

కండరం నొప్పైతే ఉత్త విశ్రాంతితో తగ్గుతుంది గానీ బలం రాదు, అందుకే మైదానంలోకి దిగగానే తిరగబెడుతుంది. బంతిని మోకాళ్ల మధ్య 10 సెకన్ల చొప్పున నొక్కడంతో మొదలుపెట్టాం. తర్వాత పక్కకు పడుకుని కింది కాలు ఎత్తడం, ఆపై పై మోకాలిని బెంచీ మీద ఆనించి ఒళ్లు లేపడం. మోకాలికి బదులు చీలమండ ఆనించడం చివర్లోనే. నొప్పి పదికి రెండు దాటినా, మర్నాడు పొద్దున పిడికిలి పరీక్షలో పెరిగినా ఒక మెట్టు దిగాలి. పరుగు ముందు తిన్నగా, తర్వాత మలుపులతో. గట్టి షాట్ అన్నిటికంటే ఆఖరున.