ఇంట్లో సౌండ్‌బార్ – నాలుగో పాఠం: పెదవి ముందా, మాట ముందా?

పోయిన పాఠంలో బార్‌ను టీవీ కింద సరైన ఎత్తులో పెట్టి, వూఫర్‌ను మూలకు జరిపాం. మోత బాగుంది. కానీ వార్తలు పెడితే చదివే ఆవిడ నోరు మూసేశాక కూడా మాట వస్తూనే ఉంది. ఈ పాఠం ఆ తేడా సంగతి.

సెట్టింగ్ ముట్టుకోకముందు ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి: మాట ముందొస్తోందా, వెనక వస్తోందా? చాలామంది ఇది చూసుకోరు. రిమోట్ తీసి `AV Sync` అన్నచోటికి వెళ్లి అంకె పెంచుకుంటూ పోతారు. అసలు ఆ అంకె చేసే పని ఒక్కటే, ధ్వనిని కాసేపు ఆపి వదలడం. సున్నా నుంచి పైకి పోతే మాట ఇంకా ఆలస్యమవుతుంది. ఇంకా రాని ధ్వనిని ముందుకు లాగడం ఏ బార్ వల్లా కాదు. కాబట్టి మాట ముందొస్తుంటేనే ఆ అంకె మందు. వెనకపడుతుంటే అదే జబ్బును పెంచుతుంది.

తేల్చుకోవడానికి సినిమా పెట్టకండి. డబ్బింగ్ సినిమాలో పెదవులు ఎలాగూ వేరే భాషవి. నేరుగా తెలుగులో తీసినవాటిలోనూ మాటలు చాలావరకు తర్వాత స్టూడియోలో చెప్పినవే. పైగా కొందరి గొంతు అసలు వాళ్లది కాదు. దానికి బార్‌ను సరిపెట్టబోతే ఒక సీన్‌కు కుదిరింది ఇంకోదానికి కుదరదు.

మంచి పరీక్ష మన అక్షరమాలలోనే ఉంది. ప, బ, మ ఓష్ఠ్యాలు. పెదవులు కలవకుండా పలకవు. ఫోన్‌ను మీటరు దూరంలో పెట్టి, వెలుతురులో కూర్చుని, ‘పాప... బాబు... మామ’ అని విడివిడిగా పలికి, చివర ఒక చప్పట్టు కొట్టి వీడియో తీయండి. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీలో పెట్టి, రోజూ కూర్చునే చోటే కూర్చుని చూడండి. పెదవులు విడిపోయాక ‘ప’ వినబడితే మాట వెనక. పెదవులు ఇంకా కలిసే ఉండగానే ‘పా’ అనేస్తే మాట ముందు. చప్పట్టుతో ఇది ఇంకా తేలిగ్గా దొరుకుతుంది: చేతులు కలవకముందే దెబ్బ వినబడిందా, కలిసి విడిపోయాకా?

రెండు తప్పులూ మన చెవికి సమానం కావు. చెరువు అవతలి గట్టున బట్టలుతికేవాళ్లను చూస్తే, గుడ్డ బండ మీద పడ్డాక ఓ క్షణానికి దెబ్బ వినబడుతుంది. ధ్వని మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కదా. అందుకే ఆలస్యానికి మనం అలవాటుపడ్డాం. ముందే రావడమన్నది లోకంలో ఎక్కడా జరగదు, వెంటనే పట్టేస్తాం. ప్రసార ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐటీయూ 1998 నాటి సిఫారసులో ఇదే అంకెల్లో ఉంది: మాట సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం గుర్తుపడతారు, వెనకపడితే 125 దాకా గుర్తుపట్టరు. అంటే గురి తప్పినా వెనకవైపు కొద్దిగా తప్పడం నయం.

ఇక మా బావగారింటి కేసు. బార్ బ్లూటూత్‌లో కలిపి ఉంది. ‘మామ’ పరీక్షలో మాట బాగా వెనక. చూస్తే బార్‌లో ఆ `AV Sync` అంకె, అంటే డిలే, 150 మిల్లీసెకన్లు పెట్టి ఉంది! ‘పెంచితే సరిపోతుందన్నారు, ఇంకా పాడైంది’ అన్నారు ఆయన. ముందు దాన్ని సున్నాకు తెచ్చాను. కొంత తగ్గింది గానీ పోలేదు. మామూలు బ్లూటూత్‌లో ధ్వనిని కుదించి, పంపి, అవతల విప్పి వినిపించడానికి 150 నుంచి 250 మిల్లీసెకన్లు సులువుగా పోతుంది. సెకనుకు 25 ఫ్రేములు వచ్చే చోట 200 అంటే ఐదు ఫ్రేములు. ఈలోపు పెదవి మరో అక్షరానికి వెళ్లిపోతుంది.

‘మరి ఫోన్లో బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో వీడియో బాగానే ఉంటుందే?’ అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ ఫోన్ బొమ్మను ఆ మేరకు ఆపి చూపిస్తుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చే బొమ్మకు ఆ పని అన్ని టీవీలూ చేయవు.

అందుకని బ్లూటూత్ తీసేసి, టీవీ వెనక `HDMI ARC` అని రాసి ఉన్న పోర్టు నుంచే బార్‌కు కేబుల్ వేశాం. పక్కనున్న మామూలు హెచ్‌డీఎంఐ పోర్టులో పెడితే టీవీ ధ్వని బార్‌కు రాదు. ఇంకా కాస్త వెనకే అనిపించింది. టీవీ సౌండ్ మెనూలో `Digital Output Audio Format` ను `PCM` కు మార్చాం. దాంతో డాల్బీ విప్పే పని బార్‌కు తప్పుతుంది. నష్టం లేకపోలేదు: మామూలు ఏఆర్‌సీలో `PCM` అంటే రెండు చానళ్లే. వెనక స్పీకర్లు ఉన్నవాళ్లు ముందు ఈ మెట్టు దాటేసి చూడండి.

ఇప్పుడు కథ తిరగబడింది, చేతులు కలవకముందే చప్పట్టు! టీవీ బొమ్మను నునుపు చేయడానికి కొంత సమయం తీసుకుంటుంది. ధ్వని ఇప్పుడు దానికంటే ముందే బయటపడుతోంది. డిలేకు అసలైన పని ఇక్కడ వచ్చింది. ఒక్కసారిగా గురి చూసి కొట్టకుండా రెండు వైపులా హద్దులు కనుక్కున్నాం. పదేసి పెంచుతూ పోతే 40 దగ్గర ‘ముందు’ అన్న భావన పోయింది. 140 దగ్గర ‘వెనక’ అని తెలిసిపోయింది. మధ్యలో 90 పెట్టి వదిలేశాం. కొన్ని బార్‌లలో మిల్లీసెకన్లు ఉండవు, 1, 2, 3 అని మెట్లే ఉంటాయి. పద్ధతి ఇదే.

ఒక జాగ్రత్త: టీవీలోనూ బార్‌లోనూ డిలే ఉంటే ఒకచోటే వాడండి, రెండోది సున్నాలో ఉంచండి. లేకపోతే రెండూ కలిసిపోయి, ఆరు నెలల తర్వాత ఎక్కడ ఏం పెట్టారో మీకే గుర్తుండదు.

పెన్‌డ్రైవ్‌తో కుదిరాక సెట్‌టాప్ బాక్స్‌లో వార్తలు పెట్టి చూశాం. ‘ప్రభుత్వం’, ‘ముఖ్యమంత్రి’ వచ్చినప్పుడల్లా పెదవుల మీదే కళ్లు. కుదిరింది. ఒక చానల్‌లో మాత్రం ఇంకా తేడా ఉంది. పక్క చానళ్లన్నీ బాగుండి ఒక్కదానిలోనే వస్తుంటే తప్పు ప్రసారంలోనిది, దానికోసం మన అంకె కదపకూడదు.

రెండ్రోజులకు మేనల్లుడు ఫోన్ చేశాడు: ‘మామయ్యా, గేమ్ ఆడుతుంటే దెబ్బ కొట్టాక చప్పుడొస్తోంది.’ గేమ్ మోడ్‌లో టీవీ నునుపు పని మానేసి బొమ్మను త్వరగా ఇస్తుంది. వార్తల కోసం పెట్టిన 90 అక్కడ ఎక్కువైపోయింది. వాళ్ల టీవీ డిలేను ఇన్‌పుట్‌కు విడిగా గుర్తుపెట్టుకుంటుందేమో చూడమన్నాను. పెట్టుకుంటుందని తేలింది. 90ను బార్‌లోంచి తీసి టీవీలోకి మార్చి, గేమ్ ఇన్‌పుట్‌కు మాత్రం సున్నా పెట్టాడు.

వచ్చే పాఠానికి మీ ‘పాప, బాబు, మామ’ వీడియో సిద్ధంగా ఉంచుకోండి. వైఫై స్పీకర్లు రెండు గదుల్లో ఉంటే ఏమవుతుందో దానితోనే చూద్దాం.