పట్టికలో ‘పెద్దమ్మ’ అని రాసి ఊరుకోకండి

వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి గత వారం వచ్చిన ఒకావిడ తన కుటుంబ చరిత్రను చక్కటి పట్టికగా రాసుకొచ్చారు. అందులో రెండు వరుసలు ఇలా ఉన్నాయి: ‘పెద్దమ్మ, రొమ్ము క్యాన్సర్, 41’, ‘అత్తయ్య, అండాశయ క్యాన్సర్, 48’. పెద్దమ్మంటే అమ్మ అక్కగారని, అత్తయ్యంటే భర్త తల్లి అని అందరం అనుకున్నాం. మాటలన్నీ తల్లి వైపే సాగాయి. చివర్లో ఆవిడ సంచిలోంచి చేత్తో గీసిన పాత వంశవృక్షం తీస్తే అసలు సంగతి బయటపడింది. ఆ పెద్దమ్మ పెదనాన్నగారి భార్య, అంటే ఈవిడకు రక్తసంబంధమే లేదు. అత్తయ్యేమో నాన్నగారి సొంత అక్క. చూడాల్సింది తండ్రి వైపు! అండాశయ క్యాన్సర్‌కు దారితీసే జన్యులోపం తండ్రి నుంచి కూడా బిడ్డకు రావచ్చు, తండ్రిలో ఆ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగం ఉంటుంది.

బొమ్మలో ఎవరు ఎవరి బిడ్డో గీతే చెబుతుంది. పట్టికలోకి ఎక్కించేటప్పుడు మనుషులు వస్తారు, గీతలు రావు. నేను మళ్లీ మళ్లీ చూసిన తప్పు ఇదే. మన వరుసల పేర్లు ఆ లోటును పూడ్చలేవు, ఎందుకంటే అత్త, మామ, పెద్దమ్మ, పిన్ని అన్న పిలుపులు రక్తసంబంధానికీ పెళ్లి సంబంధానికీ ఒకేలా వాడతాం.

అందుకని ముందు బొమ్మ మీదే ప్రతి మనిషికీ నంబరు వేయండి. తాతల తరం 1, తల్లిదండ్రుల తరం 2, మీ తరం 3. రెండో తరంలో మూడో మనిషి 2-3. తర్వాత పట్టికలో ‘తండ్రి నంబరు’, ‘తల్లి నంబరు’ అని రెండు గడులు పెట్టండి. ఆవిడ పట్టికను అలాగే తిరగరాశాం:

| నంబరు | ఎవరు | తండ్రి | తల్లి | జబ్బు, బయటపడిన వయసు |
|---|---|---|---|---|
| 2-2 | పెదనాన్న భార్య | పెళ్లితో వచ్చారు | పెళ్లితో వచ్చారు | రొమ్ము, 41 |
| 2-3 | నాన్న అక్క | 1-1 | 1-2 | అండాశయం, 48 |
| 2-4 | నాన్న | 1-1 | 1-2 | లేదు |

2-3, 2-4 తోబుట్టువులని ఇప్పుడు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. తల్లి ఒకరే, తండ్రులు వేరైతే అదీ ఇక్కడే తెలిసిపోతుంది.

వయసు విషయంలో జబ్బు బయటపడిన వయసు వేరు, చనిపోయిన వయసు వేరు. రెండూ విడిగా రాయండి. ఆవిడ నాయనమ్మ దగ్గర ‘కడుపు క్యాన్సర్, 60’ అని ఉంది. కడుపంటే జీర్ణాశయమా, అండాశయమా? 60 ఏ వయసు? పాత రిపోర్టు దొరికితే పట్టుకెళ్లండి. దొరక్కపోతే ఇంట్లోవాళ్లు అన్న మాటే రాసి, చెప్పిందెవరో పక్కన పెట్టండి. మీరు ఊహించి అవయవం పేరు మార్చొద్దు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లనూ రాయండి, 80 దాటినా జబ్బు రాని అక్కచెల్లెళ్లు ఉండటమూ సమాచారమే. పుట్టగానే పోయిన బిడ్డల్ని వదలొద్దు. బొమ్మలో భార్యాభర్తల మధ్య జంట గీత కనిపిస్తే ఆ ఇద్దరూ రక్తసంబంధీకులని రాయండి. దత్తత అయితే దత్తత అని రాయండి. తెలియనిచోట ‘తెలియదు’ అని రాయండి, ‘లేదు’ అని కాదు. ‘అత్త’ అని ఒక్క మాట రాసి వదలొద్దు. ‘మామ’ అనీ వదలొద్దు. తండ్రి, తల్లి నంబర్ల గడి ఒక్కటి కూడా ఖాళీగా ఉంచొద్దు. పట్టిక పూర్తయిందని బొమ్మ పారేయొద్దు, రెండూ తీసుకెళ్లండి.