సన్న లెన్స్ కొన్నా అంచు మందంగానే ఉందా? కళ్లద్దాల దుకాణానికి వచ్చే నాలుగు ఫిర్యాదులు

కడపలో కళ్లద్దాల దుకాణం నడిపేవాడికి ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఫిర్యాదులు వేరు, మిగతా నెలల్లో వచ్చేవి వేరు. ఏడాది పొడవునా వినిపించేదాన్ని ముందు చెబుతాను.

సమస్య 1: డబ్బు పోసి సన్న లెన్స్ కొన్నాం, అయినా చెవి వైపు అంచు లావుగానే ఉంది

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి తన ఇంటర్ చదివే కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. అబ్బాయి పవర్ మైనస్ 7. వేరేచోట 1.67 హై ఇండెక్స్ లెన్స్ వేయించారు. ఇండెక్స్ అంటే లెన్స్ పదార్థం కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే సంఖ్య, అది పెద్దదైతే లెన్స్ సన్నగా వస్తుంది. “ఇది సన్న లెన్సేనా సార్? పాతదే వేసి మమ్మల్ని మోసం చేశారా?” అని తండ్రి అనుమానం. లెన్స్ సరైనదే. తప్పంతా ఫ్రేములో ఉంది.

ఫ్రేము కాడ లోపలి వైపు 54, 18 అని రెండు అంకెలు ఉన్నాయి. మొదటిది ఒక అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది దూరం, రెండూ మిల్లీమీటర్లలో. కలిపితే 72. అబ్బాయి కనుపాపల మధ్య దూరం 62 మాత్రమే. అంటే ఒక్కో కన్ను అద్దం మధ్యనుంచి 5 మిల్లీమీటర్లు ముక్కు వైపు జరిగి ఉంది. లెన్స్ కేంద్రాన్ని కంటికి ఎదురుగా పెట్టాలి కాబట్టి, అక్కడినుంచి చెవి వైపు అంచు దాకా అద్దం వెడల్పులో సగం 27కి 5 కలిపి 32 మిల్లీమీటర్లు అవుతుంది. మైనస్ లెన్స్ మధ్యలో పల్చగా ఉండి, అంచుకు పోయేకొద్దీ మందమవుతుంది. ఆ పెరుగుదల దూరంతో పాటు కాదు, దూరం వర్గంతో పాటు ఉంటుంది. దూరాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, పవర్ ముందు మైనస్ గుర్తు వదిలేస్తే లెక్క ఉజ్జాయింపుగా ఇలా వస్తుంది:

అంచు మందం = దూరం² × పవర్ ÷ (2000 × (ఇండెక్స్ − 1)) + మధ్య మందం

మధ్యలో 1.3 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ పెద్ద ఫ్రేములో 1.67 లెన్స్ అంచు 6.6 మిల్లీమీటర్లు దాటుతుంది. అదే అబ్బాయికి 48, 18 ఫ్రేము పెడితే కేంద్రం నుంచి అంచుకు 26 మిల్లీమీటర్లే. అప్పుడు అదే లెన్స్ 4.8కి దిగుతుంది. ఇంకో సంగతి చూడండి. ఆ చిన్న ఫ్రేములో మామూలు 1.50 ప్లాస్టిక్ లెన్స్ వేసినా, మధ్య మందం 2 ఉంచి, అంచు 6.7 వస్తుంది. పెద్ద ఫ్రేములో ఖరీదైన లెన్స్, చిన్న ఫ్రేములో చౌక లెన్స్, రెండింటి అంచూ దాదాపు ఒకటే. లెన్స్‌కి పెట్టిన డబ్బును ఫ్రేము మింగేసిందన్నమాట.

పరిష్కారం: ముందు ఫ్రేము, తరువాతే ఇండెక్స్. ఫ్రేము రెండు అంకెల మొత్తం మీ కనుపాపల దూరానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. గుండ్రటి ఆకారమైతే మూలల దగ్గర మందం ఉండదు. నా మాటగా చెప్పాలంటే, పవర్ 2 లోపు ఉన్నవారికి హై ఇండెక్స్ వల్ల ఒరిగేదేమీ లేదు, 4 దాటినవారికే తేడా కంటికి తెలుస్తుంది. చిన్న పిల్లలకూ, ఒకే కంటితో చూసేవారికీ సన్నదనం కన్నా పగలకపోవడం ముఖ్యం. వారికి పాలికార్బొనేట్ అడగండి.

సమస్య 2: పక్కకు చూస్తే తెల్ల అక్షరాల చుట్టూ నీలం, పసుపు అంచు

ఇది కంటి జబ్బు కాదు. కాంతిని ఎక్కువగా వంచే పదార్థాలు రంగులను కూడా ఎక్కువగా విడదీస్తాయి. ఈ గుణాన్ని అబ్బె సంఖ్యతో కొలుస్తారు, సంఖ్య పెద్దదైతే రంగుల చీలిక తక్కువ. 1.50 ప్లాస్టిక్‌కి ఇది 58, 1.60కి 41 దాకా, 1.67కీ పాలికార్బొనేట్‌కీ సుమారు 30. అందువల్ల మైనస్ 7 వారు చిన్న ఫ్రేము తీసుకుని 1.60కి సర్దుకుంటే, 1.67తో పోలిస్తే అంచు అర మిల్లీమీటరు లోపే పెరుగుతుంది, రంగుల గోల మాత్రం బాగా తగ్గుతుంది. ఆ ప్రొద్దుటూరు అబ్బాయికి చివరికి వేసింది ఇదే. రంగులు ఎదురుగా చూసినా కనిపిస్తుంటే మాత్రం లెన్స్ కేంద్రం తప్పుగా పడి ఉండవచ్చు, మళ్లీ కొలిపించండి.

సమస్య 3: ఎండాకాలంలో అద్దం మీద సాలెగూడులాంటి చీలికలు

హై ఇండెక్స్ లెన్స్‌కి మెరుపు తగ్గించే పూత తప్పనిసరి. 1.50 లెన్స్ రెండు వైపులా కలిపి 8 శాతం కాంతిని వెనక్కి తిప్పితే, 1.67 లెన్స్ 12 శాతం దాటి తిప్పుతుంది. రాత్రి బండి నడిపేవారికి ఎదురు లైట్లు రెట్టింపై కనిపించేది ఇందుకే. ఆ పూత సిలికా, టైటానియం వంటి ఆక్సైడ్లను పొరలు పొరలుగా పరచినది. అన్ని పొరలూ కలిపినా మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. చిక్కేమిటంటే వేడికి ప్లాస్టిక్ బాగా సాగుతుంది, ఆక్సైడు సాగదు. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీదనో, స్కూటరు సీటు కింది డబ్బాలోనో అద్దాలు ఉంచితే పూత పిగులుతుంది.

గుర్తు పట్టడం సులభం. ట్యూబ్‌లైటు ప్రతిబింబం అద్దం మీద పడేలా ఏటవాలుగా పట్టుకోండి. పచ్చని ఛాయ మధ్య, ఎండిన చెరువు అడుగులా సన్నని గీతలు వలలా అల్లుకుని కనిపిస్తే అది వేడి దెబ్బ. గీతలు ఒకే దిక్కుకు సాగి ఉంటే దుమ్ము అద్దాన్ని చొక్కా కొసతో తుడిచిన ఫలితం. చీలికలు అంచు చుట్టూ మాత్రమే ఉంటే, లెన్స్‌ను కాస్త పెద్దగా కోసి ఫ్రేములో బలవంతంగా ఇరికించి ఉంటారు. కొన్న కొద్ది రోజుల్లోనే ఇది కనిపిస్తే దుకాణంలో నిలదీయండి.

పరిష్కారం: పిగిలిన పూతకు మరమ్మతు లేదు. పాలిష్ చేస్తామనే వారిని నమ్మకండి, లెన్స్ మార్చుకోవడమే దారి. కొత్తవాటిని వేడినీళ్లతో కాకుండా మామూలు నీళ్ల ధార కింద పెట్టి, దుమ్ము పోయాక ఒక చుక్క గిన్నెల సబ్బుద్రవంతో కడిగి, మెత్తని నూలు గుడ్డతో అద్దండి.

సమస్య 4: ఎండకు నల్లబడే లెన్స్ ఎండలోనే నల్లబడటం లేదు

ఈ మాట ఎక్కువగా డ్రైవర్లూ, హెల్మెట్ ముందు అద్దం దించుకుని పోయేవారూ అంటారు. ఫోటోక్రోమిక్ రంగును నల్లబరిచేది వెలుతురు కాదు, అతినీలలోహిత కిరణాలు. వాటిని కారు ముందు అద్దమూ, హెల్మెట్ అద్దమూ చాలావరకు ఆపేస్తాయి. ఇక మన దగ్గర ఇంకో తంటా ఉంది. అణువులు ఎండకు నల్లరూపానికి మారుతున్నా, వేడి ఎక్కువైతే వెంటనే తెల్లరూపానికి తిరిగి వచ్చేస్తుంటాయి. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కన్నా డిసెంబరు ఉదయమే అదే లెన్స్ చిక్కగా మారుతుంది. అది చెడిపోయిందని కాదు.

చెడిందో లేదో తేల్చుకోవాలంటే ఉదయం ఎనిమిది గంటల ఎండలో సగం అద్దం మీద నల్ల కాగితం ముక్క అతికించి రెండు నిమిషాలు ఉంచండి. నల్ల కాగితం తీసేసి, అద్దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. మధ్యలో గీత స్పష్టంగా ఉంటే రంగు బతికే ఉంది. గీత లేకపోయినా, లెన్స్ నీడలోనూ పసుపు పచ్చగా ఉన్నా రంగు అరిగిపోయినట్టే, రెండు మూడేళ్ల వాడకం తరువాత ఇది మామూలే. మార్చేటప్పుడు ఒక్కటే మార్చకండి, కొత్తది చిక్కగా, పాతది వెలిసినట్టు కనిపిస్తుంది.

లోపలికీ బయటికీ రోజంతా తిరిగే టీచర్లకూ, పొలం చూసుకునేవారికీ ఈ లెన్స్ బాగుంటుంది. కారులో గంటలు గడిపేవారికి దీని మీద డబ్బు దండగ, పవర్ వేసిన మామూలు నల్లద్దాలు వేరుగా చేయించుకోమంటాను.